నాలుగో సీటు

మార్కాపురం బస్టాండు రోడ్డులో నాకో చిన్న గది ఉంది. బస్సు టికెట్లు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు, పాన్ కార్డులు, అన్నీ చేస్తాను. విమానం టికెట్లు నెలకు రెండో మూడో తగులుతాయి. బోర్డు మీద మాత్రం విమానం బొమ్మే పెద్దది. బొమ్మ వేయించినంత సులువుగా దాని సంగతి తెలిసిపోతుందనుకున్నాను. తెలియలేదు. తెలియని దాన్ని తెలియదని ఒప్పుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. ఇప్పుడు రాసేదంతా ఆ గుణం లేకపోవడం గురించే.

రెండేళ్ల కింద, ఎండాకాలంలో, ఒక పొద్దున పదకొండు గంటలప్పుడు హనుమంతునిపాడు వైపు నుంచి నలుగురు వచ్చారు. ముందు వచ్చినాయన జీవాలు మేపుకునే మనిషి. టైరు చెప్పులు, భుజాన తువ్వాలు. ఆయన వెనక ఆయన బావమరిది. కొన్నేళ్లు లారీ తోలి ఉత్తరాదంతా తిరిగినవాడు, హిందీ వచ్చు. మూడోవాడు పెద్దాయన అల్లుడు. ఆఖరున పెద్దాయన భార్య. ఆమె లోపలికి రాలేదు. బయట బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాళ్ల కొడుకు గౌహతి అవతల రోడ్డు పనుల్లో పొక్లెయిన్ నడిపేవాడు. కొండచరియ విరిగి బండి మీద పడింది. ఎల్లుండి తలకు ఆపరేషన్, ఆలోపల ఇంటివాళ్లు రావాలని అక్కడి మేస్త్రీ ఫోన్ చేశాడు. మెలకువ వచ్చినప్పుడల్లా అమ్మను పిలిపించమంటున్నాడని కూడా చెప్పాడట. రైల్లో పోతే ఆపరేషన్ వేళకు అందుకోలేరు. రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోయి, తెల్లారి విమానం పట్టుకోవడం ఒక్కటే దారి.

"నలుగురికి చూడు అల్లుడా," అన్నాడు పెద్దాయన. మా వైపు వరస కలపకుండా ఎవరూ మాట్లాడరు. ఆయన నాకు మామ అయిపోయాడు.

"నలుగురెందుకు మామా, ఖర్చు గదా?"

"ముగ్గురమే అనుకున్నాము. నేను, మీ యత్త, మా బామ్మర్ది. బయల్దేరేటప్పుడు ముగ్గురు పోగూడదంటిరి. అసలే మంచి పని మీద పోవడంల్యా. అందుకని అల్లుణ్ణి గూడా రమ్మన్న్యాము."

నేను తల ఊపాను. మా ఇంట్లోనూ అంతే. పెళ్లి చూపులకైనా పరామర్శకైనా ముగ్గురు కలిసి గడప దాటరు. నేను ఇంటర్నెట్టు మీద బతుకుతున్నా ఈ రోజుకీ దాటను.

కంప్యూటర్లో నలుగురికి కొట్టాను. ఒక్కొక్కరికి పదమూడు వేల ఆరొందలు.

పెద్దాయన తువ్వాలు ముడి విప్పాడు. అందులో నలభై రెండు వేలున్నాయి. ముందురోజు సాయంత్రమే జీవాలు అమ్మాడు. అవసరం పడి గరజు మీద అమ్ముతున్నాడని కొనేవాడికి తెలిసింది, సగం ధరకే తోలుకుపోయాడు. ఆయన గరజు విమానం కంపెనీకీ తెలిసిందన్నట్టు ఇక్కడ ధర కొండెక్కి కూర్చుంది. మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే.

బావమరిది తన సెల్లు ముందుకు పెట్టాడు. "ఏంది అబ్బయ్యా, నా సెల్లులో తొమ్మిది వేల ఎనిమిదొందలే చూపిస్తాండాది. ఇదే విమానం, ఇదే టైము. నీ దాంట్లో పదమూడంటావే?"

నాకు చుర్రుమంది. ఆ మాటలో నేను మధ్యలో తింటున్నానన్న అనుమానం ఉంది, నేను టికెట్టుకు తీసుకునేది రెండు వందలే. "సెల్లులో చూపేదొకటి, కొనేటప్పుడు పడేదొకటి అన్నా. ఊరించడానికి తక్కువ చూపిస్తారు. నమ్మకుంటే వేరే దుకాణానికి పో," అన్నాను.

ఆయన తన సెల్లులో ఒక్క మనిషికి వెతికాడు. నేను నలుగురికి వెతికాను. తేడా అంతే. ఒక్క నిమిషం కోపం దిగమింగి, ఆ సెల్లును చేతిలోకి తీసుకుని ఉంటే నాకది కనపడేది. తీసుకోలేదు.

పెద్దాయన ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టి ఆపాడు. ఆసుపత్రికి, తిండికి, బస్సులకు కనీసం ఒక పన్నెండు వేలు చేతిలో ఉండాలన్నాడు. తిరుగు ప్రయాణం సంగతి దేవుడెరుగు. పదమూడున్నర చొప్పున నలుగురు కాదు గదా, ముగ్గురు కూడా గట్టెక్కరు. అప్పుడు నేనే నోరు తెరిచాను.

"ఎట్ల చూసినా ముగ్గురు పోయేది మంచిది కాదులే మామా. మీరిద్దరూ పోండి. ఆసుపత్రిలో సంతకానికి నువ్వు, భాషకు ఆయన."

ఎవరూ ఆమె మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అద్దం తలుపు అవతల ఆమె సంచిలో ఏదో సర్దుకుంటోంది. కొడుకు కోసం చేసిన జొన్నరొట్టెలని తర్వాత తెలిసింది.

ఇద్దరికి కొట్టాను. ఒక్కొక్కరికి తొమ్మిది వేల ఎనిమిదొందలు వచ్చింది.

"చూసినావా మామా, రేటు దిగింది! మీ అదృష్టం," అన్నాను. నిజంగా సంబరపడ్డాను, సిగ్గు లేకుండా. బావమరిది తన సెల్లు వైపు ఇంకోసారి చూసుకున్నాడు. గబగబా పేర్లు కొట్టి టికెట్లు చేసేశాను. ఆ తర్వాత మళ్లీ ఒకసారి చూస్తే తెర మీద ఎర్ర అక్షరాల్లో 'ఈ ధరకు ఇంకా ఒక్క సీటే' అని కనబడింది. ఇలాంటివి మనల్ని తొందరపెట్టడానికి రాస్తారని అందరికీ చెప్పేవాణ్ణి. ఆ రోజు నాకు నేనే చెప్పుకుని పేజీ మూసేశాను.

పెద్దాయన బయటికి పోయి భార్యతో చెప్పాడు. ఆమె గొడవ చెయ్యలేదు. సంచి ఆయన చేతికిచ్చింది. "రొట్టెలు పైనుండాయి, నలిగిపోకుండా చూసుకో," అంది.

ఆ తొమ్మిది వేల ఎనిమిదొందలు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. గంటసేపట్లో దిగితే అరవయ్యో డెబ్బయ్యో దిగాలి గానీ, సరిగ్గా ఆ సెల్లులో ఉన్న అంకెకే ఎట్లా దిగుతుంది? మర్నాడు పొద్దున, వాళ్ల విమానం లేచిన తర్వాత, నాకు టికెట్లు అందించే హైదరాబాదు ఏజెంటుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు.

"రేటు దిగలేదు సార్. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు పెట్టరు. అరలు అరలుగా పెడతారు. కింది అరలో కొన్ని, అవి అయిపోతే పై అరలోవి. మీరు నలుగురిని ఒకే టికెట్టులో అడిగారు. కింది అరలో నాలుగు లేవు, మూడే ఉన్నట్టున్నాయి. నలుగురికీ ఒకే ధర పడాలి కాబట్టి కంప్యూటర్ మొత్తం నలుగుర్నీ పై అరలోకి ఎక్కించింది. ముగ్గురికి అడిగి ఉంటే ముగ్గురికీ తక్కువకే వచ్చేది."

ఫోన్ పెట్టేసి కాగితం తీసుకున్నాను. ముగ్గురికి ఇరవై తొమ్మిది వేల నాలుగొందలు. నలభై రెండులో తీస్తే పన్నెండు వేల ఆరొందలు మిగిలేది. నా రెండొందల చొప్పున ఆరొందలు తీసినా, ఆయన అడిగిన పన్నెండు వేలు సరిగ్గా చేతిలో ఉండేవి. ఆ కాగితాన్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. విమానం ఆకాశంలో ఉంది, ఆమె హనుమంతునిపాడులో ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా లేవు.

ఆపరేషన్ అయింది. మూడో రోజు పిల్లవాడు పోయాడు. ఆ ఎండలకు అంత దూరం నుంచి శవాన్ని తెచ్చుకునే దారి వాళ్లకు లేక, కార్యం అక్కడే ముగించి వచ్చారు.

రెండు నెలల తర్వాత భార్యాభర్తలిద్దరూ నా గదికి వచ్చారు. మేస్త్రీ పంపిన కాగితాలు స్కాన్ చేసి పంపించాలి. ఈసారి ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేశాను. పని అయిన తర్వాత పెద్దాయన కదల్లేదు.

"అల్లుడా, నాకొక సందేహముండాది. విమానంలో నాకు ఈ పక్క మిలిట్రీ ఆయన కూర్చున్న్యాడు. రెండు నెల్ల ముందే కొన్న్యాడంట, నాలుగువేల చిల్లర. ఆ పక్కాయన ముందుటి రాత్రి కొన్న్యాడంట, పదైదు వేలు దాటింది. మధ్యలో నేను. ముగ్గురికీ అదే సీటు, అవే నీళ్లు. ఏంది ఈ యాపారం? సంతలో పొద్దుగూకితే వంకాయలు సగానికిస్తారు గదా. వీళ్లకు ఆఖర్న రేటు పెరగడమేంది?"

ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. అంతకు ముందు నేనైతే అదే చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. వంకాయ కొనేవాడు ఆఖరున వస్తే బేరానికి వస్తాడు మామా, విమానానికి ఆఖరున వచ్చేవాడు గరజుతో వస్తాడు. ఎంతైనా ఇస్తాడని వాళ్లకు తెలుసు. అందుకే కొన్ని సీట్లు ఆఖరిదాకా అట్టిపెట్టి ఎక్కువకు అమ్ముతారు. ముందే కొనేవాడు ధర ఎక్కువైతే మానుకుంటాడు, అందుకని వాడికి తక్కువ అర. విమానం నిండకపోతే ఒక్కోసారి మధ్యలో దించుతారు కూడా. ధర కూర్చునే చోటుకు కాదు, ఎప్పుడు కొన్నావు, ఏ అరలో నుంచి కొన్నావు అన్నదానికి.

'అర' అన్న మాట దగ్గర ఆయన నన్ను ఆపాడు. జీవాలను చీకట్లో కూడా లెక్కపెట్టగల మనిషి.

"మాకు నలుగురికి పదమూడున్నర చూపించి, ఇద్దరికి పది లోపల చూపించినావు. అయితే ఆ పొద్దు కింది అరలో ఎన్ని ఉన్న్యాయి?"

"మూడు మామా. నాకప్పుడు తెలీదు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పోనీలే. తెలిసినా ముగ్గురం పోమాయె గదా," అన్నాడు. నన్ను వదిలేయడానికే అన్నాడు. దానికి నేను ఎంత కృతజ్ఞతగా తల ఊపానో తలచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

అప్పుడు ఆమె మాట్లాడింది. అరవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా నాయనోళ్లు అడివికి ముగ్గురు పోవాల్సొస్తే మూటలో ఒక రాయేసుకునేటోళ్లు. నాలుగో మనిషి కింద లెక్క. దోసం పోతాది. నన్నడిగింటే చెప్పేదాన్ని."

నాకు ఆ మాట తెలుసు. మా అవ్వ నోట ఎన్నిసార్లు విన్నానో. గది మెట్ల కింద, రోడ్డు పొడుగునా, మా ఊర్లో ఎక్కడ చూసినా పలకరాతి ముక్కలే. వంగితే చేతికి వస్తాయి.

"రాయికి టికెట్టు అడుగుతారా అల్లుడా?" అంది ఆమె.

"అడగరత్తా," అన్నాను.