మారని పీత కథ

2001. మచిలీపట్నంలో ఒక ప్రైవేటు బడిలో నేను ఎల్‌కేజీ టీచర్‌ని. జూన్ వస్తే మూడున్నరేళ్ల పిల్లలకు ఇంటర్వ్యూలు. చాలామంది ఏడుస్తారు. ఇంటర్వ్యూల మీద అంతకన్నా సరైన అభిప్రాయం నేనింతవరకూ వినలేదు.

పక్కనున్న గిలకలదిండి రేవు నుంచి నాగమణి తన కూతురు చిన్నిని తీసుకొచ్చింది. భర్త బోటు మీద చేపల వేటకెళ్లాడు. మా కరస్పాండెంట్ గారు, అంటే బడి యజమాని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని అడిగారు.

"ఏ కథ ఇష్టం పాపా?"

"పీత కథ."

"అది కాక?"

"పీత కథే."

నాగమణి ఇబ్బందిగా నవ్వింది. "రోజూ పడుకునేటప్పుడు అదేనండి. ఇంకోటి మొదలెడితే నోరు మూసేస్తంది. మా అత్త తాయెత్తు కట్టించమంటంది."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "బుర్ర ఎదగలేదమ్మా. కొత్తది పట్టదు. వచ్చే ఏడు చూద్దాం."

ఆయన ఏటా ఆగస్టు పదిహేనున ఒకే ఉపన్యాసం ఇస్తారు. ఆయన బుర్రనెవరూ శంకించలేదు. ఉద్యోగం మీద కాస్త మమకారం ఉండి ఆ మాట అనలేదు గానీ, "నేనొప్పుకోనండీ" అన్నాను. నాగమణి వైపు తిరిగి, "మొదట్లో ఎలా వినేది?" అని అడిగాను.

"కొంగ రాగానే నా చీరలో మొహం దాచేసేదండి. తర్వాత నాకంటే ముందే అనేసేది. ఇప్పుడు కొంగని తిడతంది. నిన్న, పోటప్పుడు బొరియ ఎందుకు కనబళ్లేదని అడిగింది."

నాగమణి చెప్పిన కథ ఇంతే. పీతపిల్ల దారి తప్పుతుంది. కొంగ తరుముతుంది. పోటు నీళ్లు బొరియను కప్పేస్తాయి. ఆటు వచ్చి నీళ్లు తగ్గాక పీత ఇల్లు చేరుతుంది.

"మీరే చెప్పి చూడండి సార్, కాస్త తప్పుగా" అన్నాను.

ఆయన నాకేసి గుర్రుగా చూసి మొదలెట్టారు. "పీతపిల్లకి కొంగ దారి చూపించింది..."

"కాదు! తరిమింది. నువ్వు సరిగా చెప్పు!"

ఆయన్ని 'నువ్వు' అన్నవాళ్లు మా బడిలో అంతకుముందు లేరు. ఆయన తేరుకోవడానికి టీ సగం తాగేశారు. చిన్ని గ్లాసులోకి తొంగిచూసింది.

"సార్ టీకి ఆటొచ్చింది."

నేనిక ఊరుకోలేదు. "చూశారా? సముద్రపు మాటను గ్లాసుకు తెచ్చింది. ఒక్కసారి విన్న మాట అలా చేతికి రాదు. మొదట ఏం జరిగిందో పట్టుకోవడానికే సరిపోతుంది. అది కుదిరాక ముందేం వస్తుందో పిల్లలు ఊహిస్తారు. దాన్ని ప్రెడిక్షన్ అంటాం. ఊహ నిజమైతే గెలిచినట్టు. అప్పుడు గానీ 'ఎందుకు' అనే ప్రశ్నకు తీరిక దొరకదు. చివరికి ఏమవుతుందో తెలుసు కాబట్టే చిన్ని కొంగంటే ఉన్న భయాన్ని ధైర్యంగా చవిచూస్తుంది. ఈ పిల్లకు సీటివ్వకపోతే, నా తరగతికి ఇంకో టీచర్‌ని చూసుకోండి."

ఆయన పెన్ను మూత తీసి, చిన్ని పేరు రాసుకున్నారు.

గేటు దగ్గర నాగమణి మెల్లగా అడిగింది. "కథ మార్చొద్దంటారా టీచర్‌గారూ?"

"ఒక్క ముక్క కూడా."

"అవునండీ. వాళ్ల నాన్న ఏ రోజొస్తాడో నేను చెప్పలేను. పీతయితే రోజూ ఇల్లు చేరుద్ది."

ఆనాటి నుంచి, అడిగిన కథే అడుగుతున్నారని పిల్లల మీద ఎవరు ఫిర్యాదు చేసినా నేనొకటే చెబుతున్నాను. విసుగు మీది. దాన్ని పిల్లల లోపంగా రాసే కాగితం మీద నేను సంతకం పెట్టను.