తారీఖు లేని సాయంత్రం

1998లో నేను నల్గొండలోని ఒక జిల్లా ఆఫీసులో పరిపాలనాధికారిని. ఉండేది నార్కట్‌పల్లిలో. రోజూ పొద్దున్నే బస్సులో వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. ఆ బస్సులో నా పక్క సీటు మా ఆఫీసు టైపిస్టుది. నాకంటే ఇరవై నాలుగేళ్లు చిన్నది. తండ్రి నౌకరిలో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఇంట్లో తల్లి, పెళ్లయిన అన్న. ఆ అన్నకు చెల్లెలు నౌకరికి పోవడం మొదటి నుంచీ ఇష్టం లేదు.

నేను కిటికీ పక్కన కూర్చునేదాన్ని, ఆమె ఇటువైపు. మాట్లాడటం ఆమె పని, వినడం నా పని. మధ్యాహ్నం జొన్నరొట్టె సగం విరిచి నా డబ్బాలో పెట్టేది. నేను పప్పులో ఉప్పు తక్కువేస్తానని రోజూ దెప్పేది. “అక్కా, నీ పప్పు దవాఖానల పెట్టే పప్పు తీరుగున్నది” అనేది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. నన్ను అక్కా అని పిలిచింది ఆమె ఒక్కతే.

అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పనిచేసే చోట ఆడవాళ్లను వేధిస్తే ఫిర్యాదు వినడానికి ఒక కమిటీ ఉండాలి, దానికి ఆడమనిషి అధ్యక్షురాలు కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. మా ఆఫీసులోనూ కమిటీ వేశారు. నేను అధ్యక్షురాలిని. మోత్కూర్‌లో ఆడవాళ్ల సంఘాలతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకామె, వేరే సెక్షన్ నుంచి ఒక అధికారి సభ్యులు. ఆ ఉత్తర్వు మా టైపిస్టే టైపు చేసింది. అందరం సంతకాలు పెట్టి ఫైల్లో దాచాం. పని పడదనే అనుకున్నాం.

ఆగస్టులో మా ఆఫీసు అధిపతి, ఆఫీసరుగారు, నన్ను లోపలికి పిలిచి, తలుపు వేయమని, ఒక కవరు ఇచ్చారు. లోపల చేత్తో రాసిన ఫిర్యాదు. రాసింది నా పక్క సీటు మనిషి. తన సెక్షన్ సూపరింటెండెంట్ మీద. ఆఫీసు వేళ దాటాక టైపు పని పెట్టి ఆపుతాడని, కట్టూబొట్టూ గురించి అనకూడని మాటలు అంటాడని ఒకటి. కాగితాలు అందుకునే నెపంతో చెయ్యి పట్టుకుంటాడని రెండు. ఒక సాయంత్రం రికార్డు గదిలో తలుపుకు అడ్డం నిలబడి చెయ్యి పట్టి లాగాడని మూడు. ఆ సాయంత్రానికి తారీఖు వేసింది, జూలై 14.

చదువుతున్నంతసేపూ నాకు ఒకటే తోచింది. ఆ జూలై అంతా ఆమె నా పక్కన కూర్చుని ఇంటికి వచ్చింది. ఒక్క మాట చెప్పలేదు. కాసేపటికి అర్థమైంది. కమిటీ ఉత్తర్వు ఆమె చేతుల మీదుగా వచ్చిందే. నాకు చెబితే నేను సాక్షిని అవుతాను, వినేదాన్ని కాలేను. అందుకే నాతో చెప్పకుండా దిగమింగుకుంది.

నేను ఆఫీసరుగారికి అక్కడే నోట్ రాసిచ్చాను. ఫిర్యాదుదారు, నేను రోజూ కలిసి ప్రయాణం చేస్తాం, కలిసి తింటాం, కనుక వేరొకరిని వేయండి అని. జిల్లాలో ఆ హోదాలో ఇంకో ఆడమనిషి లేదని ఆయన అన్నారు. ఆ నోట్ ఇద్దరికీ చూపించి, అభ్యంతరం ఉంటే రాసివ్వమని అడిగారు. ఆమె లేదని రాసింది. సూపరింటెండెంటు కూడా లేదనే రాశాడు. నాకు పని నేర్పినవాడు ఆయనే. నేను కొత్తగా చేరినప్పుడు జీతాల బిల్లు ఎట్లా వేయాలో పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. ఆ సంగతి కూడా ఆ నోట్‌లో ముందే రాశాను.

ఆ సాయంత్రం బస్టాండులో ఆమెకు చెప్పాను, విచారణ అయ్యేదాకా నేను ముందు బస్సుకు పోతానని, అన్నం కూడా విడిగానే తింటానని. ఆమె అడిగింది.

“మాట్లాడుడు గూడ బందేనా?”

“పని మాటలు మాట్లాడుదాం.”

“సరే మేడం” అంది.

మేడం అనమని నేను చెప్పలేదు. అనవద్దనీ చెప్పలేకపోయాను.

విచారణ సాగినన్నాళ్లూ ఇద్దరూ ఒక గదిలో ఉండకూడదు. టైపిస్టును మార్చడం తేలికని ఆఫీసరుగారు అన్నారు. ఫిర్యాదు చేసిన మనిషిని కదిలిస్తే అది ఆమెకు శిక్షలా ఉంటుందని నేను అన్నాను. సూపరింటెండెంటునే తాత్కాలికంగా వేరే భవనంలోని సెక్షనుకు పంపారు. ఇది శిక్ష కాదని ఆ ఉత్తర్వులోనే రాయించాను. ఎందుకంటే అప్పటికి ఏదీ తేలలేదు. ఫిర్యాదు నకలు ఆయనకు ఇచ్చి, జవాబుకు పదిహేను రోజుల గడువిచ్చాం. కాగితాలు టైపు చేయించడానికి లేదు, మా ఆఫీసులో తెలుగు టైపు వచ్చింది ఆమెకే. మూడు నకళ్లకు కార్బన్ పెట్టి అన్నీ నా చేత్తోనే రాశాను.

మొదటి సమావేశం మా ఆఫీసు మీటింగ్ హాల్లో పెట్టడంతో పని చెడింది. మా అటెండరు ముసలాయన. వయసంతా తహసీల్ కచేరీలో బంట్రోతుగా గడిపి మా దగ్గరికి వచ్చాడు. అక్కడ కేసు విచారణ అంటే వరండాలోకి వెళ్లి పేరు మూడుసార్లు పిలవాలి. ఇక్కడా విచారణే కదా అనుకున్నాడు. నేను టైపిస్టును రమ్మని చెప్పగానే బయటికి పోయి, ఆమె పేరూ తండ్రి పేరూ కలిపి, హాజరు కావాలని మూడుసార్లు గొంతెత్తి పిలిచాడు. తర్వాత పద్ధతి ప్రకారం సూపరింటెండెంటు పేరూ మూడుసార్లు పిలిచాడు. మెట్ల కింద చాయ్ కొట్టుదాకా వినపడింది.

నేను బయటికి పరుగెత్తేసరికి ఆయన ధీమాగా నిలబడి ఉన్నాడు.

“ఏం జేసినవయ్యా?”

“పిలుపు గొట్టిన మేడం. పిలువకుంటె ఎట్ల, రేపు అప్పీలుకు పోతె నన్ను పిలువలేదంటరు.”

ఆ రోజు సమావేశం ఆపేశాను. జరిగింది జరిగినట్టు రికార్డులో రాశాను. ఇద్దరినీ విడివిడిగా కలిసి పొరపాటు మాదని చెప్పాను. సూపరింటెండెంటుకు పెళ్లి కావలసిన కూతుళ్లున్నారు, ఏదీ తేలకముందే వాళ్ల తండ్రి పేరు చాయ్ కొట్టులో నలిగింది. అటెండరును మందలించలేకపోయాను. అంతకాలం అదే ఆయన ఉద్యోగం.

మూడోనాడు టైపిస్టు అన్న వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు.

“మేడం, మా చెల్లె కాయిదం వాపస్ తీసుకుంటది. నౌకరి గూడ ఇడిసిపెడ్తది. మాకీ బద్నాం ఒద్దు.”

ఫిర్యాదు ఆమెది, వెనక్కి తీసుకోవడమూ ఆమె ఇష్టమే, ఆమెనే వచ్చి చెప్పమన్నాను. ఆమె వచ్చింది. అన్నను బయట నిలబెట్టి లోపలికి వచ్చింది.

“నేను తీసుకోను మేడం. నౌకరి గూడ ఇడువను. మీరు మాత్రం జల్ది తేల్చున్రి. ఇది తేలకుంటె నేను ఇంట్ల నిలువలేను.”

ఆ తర్వాత సమావేశాలు ఊరి చివర ఒక కాలేజీ లైబ్రరీ వెనక గదిలో పెట్టాం. ఒకరికొకరు ఎదురుపడకుండా వేరు వేరు రోజులు. అటెండరు లేడు, నీళ్లు మేమే తెచ్చుకునేవాళ్లం. చెప్పినవాళ్లు చెప్పిన మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ప్రతి పేజీ మీద సంతకం తీసుకున్నాను. సూపరింటెండెంటు తన ప్రశ్నలు రాసిచ్చాడు. ఆమెను ఎదురుగా నిలబెట్టి అడగనివ్వలేదు, మేమే అడిగాం. ఆమె నడవడిక గురించిన నాలుగు ప్రశ్నలు విషయానికి సంబంధం లేనివని కొట్టేసి, ఎందుకు కొట్టేశామో పక్కన రాశాను. సెలవు ఇవ్వలేదని కక్ష కట్టిందని ఆయన వాదన. సెలవు కాగితం చూస్తే అది ఫిర్యాదు ఇచ్చిన తర్వాతది.

మొదటి రెండు ఆరోపణలకు సాక్షులు దొరికారు. పక్క బల్ల మీది గుమస్తా మొదట తలవంచుకున్నాడు. ఇక్కడ చెప్పింది బయటికి పోదని, చెప్పినందుకు ఎవరైనా ఇబ్బంది పెడితే అదీ కమిటీ చూస్తుందని చెప్పాక, చూసింది చెప్పాడు. మా అటెండరు సాయంత్రాలు విన్న మాటలు చెప్పాడు. అక్కడ మాత్రం గొంతెత్తలేదు, చాలా మెల్లగా చెప్పాడు.

మూడోది రికార్డు గది. జూలై 14న సూపరింటెండెంటు దేవరకొండలో క్యాంపులో ఉన్నాడు. అక్కడి ఆఫీసువాళ్లు ఇద్దరు, ఆ రాత్రి అక్కడే పడుకున్నాడని వేర్వేరుగా చెప్పారు. ఆ సంగతి ఆమె ముందు పెట్టడం మా విధి. మళ్లీ పిలిచాం. అడగవలసింది నేనే. తారీఖు తప్పు పడిందా, వేరే రోజా, ఆలోచించి చెప్పమన్నాను. ఆ వారమా, ముందు వారమా, ఆ రోజు వాన పడిందా, ఏ ఫైలు కోసం రికార్డు గదికి వెళ్లింది, అన్నీ అడిగాను. ఆమె అందిపుచ్చుకోగల తారీఖు ఒక్కటీ నేను ఇవ్వలేదు. ఇవ్వకూడదు.

ఆమె బల్లవైపు చూస్తూ చెప్పింది.

“తారీఖు యాదికొస్తలేదు మేడం. చెయ్యి యాదికున్నది.”

ఆ మాట అట్లాగే రాశాను. చదివి వినిపించాను. సంతకం పెట్టింది.

కమిటీలో దాని మీద ఒక పూట మాట్లాడుకున్నాం. ఎవరు ఏమన్నారో ఇప్పటికీ చెప్పను. చివరికి ముగ్గురం ఒప్పుకుని రాసిన మాటలు ఇవి: మొదటి రెండు ఆరోపణలు రుజువైనవి. మూడవది పేర్కొన్న తేదీన జరిగినట్లు రుజువు కాలేదు. ఫిర్యాదు దురుద్దేశంతో చేసినది కాదు. మూడోది అట్లా ఎందుకు రాశామంటే, ఏ రోజో తెలియని దానికి ఒక మనిషి తాను ఎక్కడున్నాడో చూపించుకోలేడు. ఇద్దరి పేర్లూ తీసేసి చదివినా మూడోదాని మీది వాక్యం నిలవాలి. నిలుస్తుందనే నేను సంతకం పెట్టాను. ఇవాళ అడిగినా పెడతాను.

పై ఆఫీసు తన నియమాల ప్రకారం అభియోగాలు పెట్టి నడిపించింది. మరుసటి వేసవిలో ఉత్తర్వు వచ్చింది. ఆయనకు రెండు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి, వేరే జిల్లాకు బదిలీ అయింది. ఆమె నౌకరి నిలిచింది. అన్న నోరు మూతపడింది. ఆఫీసులో ఆమెను చూసి తలదించుకున్నవాళ్లే గాని వెక్కిరించినవాళ్లు లేరు.

ఉత్తర్వు వచ్చాక, రిపోర్టు నకలు తీసుకున్న రోజు ఆమె నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మూడోదాని కాడ ఉన్న మాట మీరు రాసిన్రా, వాళ్లు రాసిన్రా?”

“ముగ్గురం సంతకం పెట్టినం.”

“గా ముచ్చట నాకు తెల్సు. మీరు నమ్మిన్రా లేదా, గంతే చెప్పున్రి చాలు.”

ఉత్తర్వు మీద అప్పీలుకు ఆయనకు ఇంకా గడువుంది. అధ్యక్షురాలు ఒకరి చెవిలో ఒక మాట అంటే మూడు నెలల పని మొత్తం పక్షపాతమైపోతుంది. అప్పుడు ఆ రెండూ కూడా నిలవవు. ఆమె గెలిచింది పోతుంది.

“చెప్పరాదు” అన్నాను.

తల ఊపి వెళ్లింది. వారం తిరక్కుండా మహబూబ్‌నగర్‌కు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టింది. అట్లా కోరుకునే హక్కు బాధితురాలికి ఉంది, సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఎవరైనా వెళ్లగొడుతున్నారా అని పద్ధతి ప్రకారం అడిగాను. లేదంది. సిఫారసు చేసి పంపాను. అప్పీలు గడువు దాటింది, ఆయన అప్పీలు చేయలేదు. అప్పటికి ఆమె వెళ్లి చాలా రోజులైంది.

1999 నవంబరులో ఒక శిక్షణకు మహబూబ్‌నగర్ వెళ్లాను. రెండోనాడు మధ్యాహ్నం ఆమె ఆఫీసుకు పోయాను. ఆనాడు చెప్పరాదన్న మాట, నమ్మానని, ఇప్పుడు చెప్పాలని దారంతా అనుకుంటూనే పోయాను. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ తుడిచి వేసింది. చాయ్ తెప్పించింది. నా మోకాళ్లు ఎట్లున్నాయని అడిగింది, రిటైర్మెంటు ఎప్పుడని అడిగింది. పక్క బల్లల వాళ్లకు నన్ను చూపించి, “మా పాత ఆఫీసు మేడం. చానా నియమం గల మనిషి” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మెచ్చుకుంది.

అప్పుడు చెబుదామంటే చుట్టూ మనుషులున్నారు. బయటికి రమ్మంటే ఆమెకు పని ఉంది. గేటుదాకా వచ్చి, రోడ్డు దాటేటప్పుడు నా చేతి సంచి అందుకుని, అవతల పక్క మళ్లీ నా చేతికిచ్చింది. తన చేయి వెంటనే తీసేసుకుంది. ఒక్కసారి నా మీద అరిచి, నన్నెందుకు నమ్మలేదని కొట్లాడితే బాగుండునని నిలబడ్డాను. కొట్లాడితే నేను చెప్పేదాన్ని. ఆమె నమస్తే పెట్టి, పని ఉందని, లోపలికి వెళ్లిపోయింది.