ఆగి ఆగి తాగించవలసిన పాలు

పాపకు మూడు నెలలు నిండగానే మళ్లీ పనిలో చేరాను. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో రికార్డులు సరిచూసే పని, కాంట్రాక్టు మీద. ఇంకా సెలవు అడిగితే నా కుర్చీలో వేరొకరు కూర్చునేవారు. పాపను చూసుకోవడానికి అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది.

ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది గడియ పెట్టుకుని, రోజుకు రెండుసార్లు పంపుతో పాలు తీసేదాన్ని. మధ్యలో ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. ఆ కంగారుకు పాలు దిగేవి కావు. అరగంట కూర్చుంటే సీసాలో సగం కూడా నిండేది కాదు. అందుకే మొదటి రోజు సాయంత్రమే అత్తమ్మతో అన్నాను.

"ఒక్క చుక్క గూడ పారబొయ్యకు అత్తమ్మా. మొత్తం తాగించు."

అత్తమ్మ ఆ మాట తు.చ. తప్పలేదు. కాళ్లు చాపుకుని, స్నానం పోసేటప్పుడు పడుకోబెట్టినట్టే పాపను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, సీసా నిలువుగా ఎత్తి నోట్లో పెట్టేది. ఐదు నిమిషాల్లో ఖాళీ. పాప మొహం తిప్పుకుంటే బుగ్గ తట్టి మళ్లీ పెట్టేది. సాయంత్రం నేను వచ్చేసరికి ఖాళీ సీసా చూపించి, "కడిగినట్టున్నది చూడు బిడ్డా" అనేది. నాకు సంతోషంగా ఉండేది.

పది రోజులు గడిచాక పాప నా దగ్గర తాగనని మొండికేసింది. రొమ్ము నోట్లో పెట్టగానే రెండు గుక్కలు లాగి, వెనక్కి విరుచుకుని ఏడ్చేది. నాకు పాలు ఎండిపోతున్నాయనుకున్నాను. పనికి వెళ్లినందుకు నా బిడ్డ నన్ను వద్దంటోందనుకున్నాను. ఫస్ట్ ఎయిడ్ గది తలుపు తట్టిన ప్రతిసారీ ఆ ఏడుపే వినిపించేది.

మూడున్నర నెలల టీకాకు పాపను తీసుకుని నేనూ అత్తమ్మా సర్కారు దవాఖానకు పోయాం. అక్కడి సిస్టర్ పాపను తూచి, బరువు బాగుందంది. పాప నా దగ్గర తాగడం లేదని చెప్తే విని, సంచిలో ఉన్న సీసా వైపు చూసింది.

"సీసా ఎందుకమ్మా? ఉగ్గుగిన్నెతోని పట్టరాదా?"

"చెయ్యి వణుకుతది సిస్టరమ్మా. అంత ఒలికిపోతాంది" అంది అత్తమ్మ.

"ఎట్ల పడుతున్నవో జర చూపియ్యి."

అత్తమ్మ కాళ్లు చాపి చూపించింది. సిస్టర్ నవ్వలేదు. "గట్ల పండుకోబెడితే పాలు వాటంతట అవే గొంతుల పడుతయి. ఇగ తల్లి దగ్గర కష్టపడి ఎందుకు లాగుతది? పైగా పొద్దంత కడుపు నిండ పోసినంక పొద్దుమూకి ఏం తాగుతది? మొత్తం ఖాళీ చెయ్యాలని ఎవరు చెప్పిన్రు?"

నేను నోరు తెరవలేదు. ఇంకో ఇద్దరు తల్లులు మా వైపే చూస్తున్నారు. చదువుకున్నదాన్ని.

"నాకే అనిపించింది, సిస్టరమ్మా" అంది అత్తమ్మ.

సిస్టర్ పాపను తన ఒళ్లో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకుంది. సీసా అడ్డంగా పట్టి, పాలపీకను పెదవికి తాకించి, పాప తానుగా నోరు తెరిచే దాకా ఆగింది. నాలుగైదు గుక్కలయ్యాక సీసాను కొంచెం కిందికి వంచింది. పాలపీకలోంచి పాలు వెనక్కి పోయాయి. పాప ఊపిరి తీసుకుంది. మళ్లీ పెదవులు కదిపితే మళ్లీ అందించింది. సగమయ్యాక పాపను రెండో చేతి వైపుకు మార్చుకుంది. "వేళ్లు బిగదీసినా, పెదవుల పక్కకు పాలు కారినా ఆపాలె. మొహం తిప్పితే అయిపోయినట్టే. మీ ఇద్దరి కంటే పాపకే ఎక్కువ తెలుసు" అంది. సన్న రంధ్రమున్న పాలపీక వాడమంది. పావుగంటైనా పడుతుందని చెప్పింది.

ఆటోలో ఇంటికొచ్చేదాకా అత్తమ్మ పాప చెవి దగ్గర ఏదో గొణుగుతూనే ఉంది. నేను సంచి ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోన్ చేసింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, గొంతు తగ్గించి నన్ను అడుగుతోంది.

"ఇంత మిగిలింది బిడ్డా. మొహం తిప్పుకున్నది. జర సేపాగి ఇచ్చినా వద్దన్నది. ఏం జెయ్యాలె?"

"పారబొయ్యి అత్తమ్మా." ఫస్ట్ ఎయిడ్ గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. "మొత్తం తాగించమని చెప్పింది నేనే గదా. ఆ రోజు సిస్టర్ ముందర నేను చెప్పాల్సింది."

"చెప్తే ఏమొస్తది? నీ మొహం చిన్నబోతుండె. నాకేంది, ముసల్దాన్ని, తిట్టినా పోతది. సీసా పట్టుడు నేర్చుకున్న. నువ్వు ఫికర్ జెయ్యకు, పని చూసుకో."

వారం తిరిగేలోపు పాప సాయంత్రాలు నా దగ్గర మళ్లీ తాగసాగింది. మొదట్లో కొంచెం లాగి చిరాకు పడేది, తర్వాత నిదానించింది. ఒళ్లో వేడిగా, నిశ్శబ్దంగా తాగుతుంటే నేను సంతోషపడాలి. పడుతున్నాను కూడా. కానీ పక్క గదిలో సీసాలు మరిగించడానికి అత్తమ్మ గిన్నెలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించినప్పుడల్లా, నలుగురి ముందు నా మాటను తన మీద వేసుకున్న ఆ గొంతే గుర్తొస్తుంది. ఫోనులో నేను ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.