అరటిపండులో నల్లచుక్కలు

తిరుపతిలో ఒక కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరిన ఏడాది, ప్రాక్టికల్ పరీక్షలో ఏది ఏ రకం కాయో రాయమని బల్ల మీద రెండు పండ్లు పెట్టాను. ఒకటి అడ్డంగా కోసిన అరటిపండు, ఇంకొకటి ఊటీ నుంచి తెచ్చి ఫార్మలిన్ సీసాలో వేసిన స్ట్రాబెర్రీ. పరీక్ష రాసేవాళ్లలో ఒకమ్మాయి, చిత్తూరు దగ్గర అరటితోట ఉన్న రైతు కూతురు, అరటిపండు బెర్రీ అనీ, స్ట్రాబెర్రీ కాదనీ రాసింది. రెండూ తప్పని కొట్టేశాను.

"గింజే లేనిది బెర్రీ ఎట్లయితాదమ్మా? స్ట్రాబెర్రీకైతే పేరులోనే ఉండాది గదా," అన్నాను.

"గింజ కాదు సార్, అండాశయం సూడాల. ఒక పువ్వులోని అండాశయం, టెంక లేకుండా గోడంతా మెత్తగా పండితే అది బెర్రీనే. మా తోటలో అరటికాయ కొసన ఎండిన పువ్వును నేనే తుంచతాను. స్ట్రాబెర్రీలో ఉబ్బింది పువ్వు కూర్చునే పీఠం సార్. పైన గింజల మాదిరి ఉండేటివే దాని కాయలు."

ఎదురు మాట్లాడొద్దని పంపేశాను. సాయంత్రం పుస్తకం తీస్తే ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. మార్కుల కవరు అప్పటికింకా నా సొరుగులోనే ఉంది. దిద్దితే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పరువు పోతుందని, దిద్దకుండానే కవరుకు లక్క సీలు వేసి ఇచ్చేశాను.

పరీక్షలయ్యాక ల్యాబ్‌లో వాళ్లకు ఏదో ఒకటి తెచ్చివ్వడం అక్కడి పిల్లల అలవాటు. ఆ అమ్మాయి గెల నుంచి కోసిన ఒక చీపు అరటిపండ్లు తెచ్చి, "నాయన ఇచ్చి రమ్మన్నాడు సార్," అంది. ఒకటి ఒలిచి కొరికాను. మధ్యలో సన్నటి నల్లచుక్కలు, గింజలు కావలసి కాలేకపోయినవి.

"బాగుండాయా సార్?" అని అడిగింది.

నోటి నిండా పండు ఉందన్నట్టు తల ఊపాను.