కుండలీకరణంలో ఉండవలసిన మాట

నిన్న పొద్దున ధర్మవరం నుంచి ప్రెస్సాయన ఫోన్ చేశాడు. మా పెద్దనాయన సంస్కృతం నుంచి తెలుగు చేసిన స్తోత్రం పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాలని భజన మండలివాళ్లు అడుగుతున్నారట. "సార్, ఒక మాట. పుస్తకం నిండా ఎర్ర సిరాతో పెట్టిన బ్రాకెట్లు ఉండాయి. సదివేవాళ్లకు అడ్డం వస్తాండాయి. తీసేద్దామా?" అన్నాడు. నేను "వద్దు వద్దు" అని ఎంత గట్టిగా అరిచానంటే, వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత కాఫీ చల్లారిపోయింది, పేపరు మీద చూపు నిలవలేదు, హాల్లోంచి వరండాకు, వరండాలోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాను. రిటైరైన తెలుగు లెక్చరర్‌కు బ్రాకెట్ల మీద ఇంత ఆవేశం ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. చెప్పుకోవడానికి నాకూ సిగ్గే.

పెద్దనాయన తనకల్లు దగ్గర మా ఊళ్లోనే సంస్కృతం అయ్యవారుగా పనిచేసి, ఆ తర్వాత నాలుగెకరాల మెట్ట మీద వేరుశనగ వేసుకుంటూ కాలం గడిపాడు. పైరు ఎండినంత తరచుగా ఆయనకు కోపం వచ్చేది. భజనలో స్తోత్రం పాడే ఆడవాళ్లు అర్థం అడిగారని అనువాదానికి కూర్చున్నాడు. సంధులు విడగొట్టి మాటలు వేరుచేయడం, వాటిని తెలుగు వాక్యం నడిచే వరుసలో పేర్చడం, ఒక్కో మాటకు అర్థం రాయడం, ఆఖరున తాత్పర్యం. అర్థం కుదరడానికి మూలంలో లేని మాట చేర్చవలసి వస్తే దాన్ని కుండలీకరణంలో, అంటే బ్రాకెట్లో, పెట్టేవాడు. "మన మాట బోనులో ఉండాల్రా. దేవుని మాటల్లోకి ఇడిస్తే మళ్లీ పట్టుకోలేం" అనేవాడు. ఇంత నిష్ఠ ఉన్న మనిషికీ ఒక పక్షం ఉండేది. తన గురువుల వ్యాఖ్యానం ఎప్పుడూ ఒళ్లో ఉండేది. వేరే సంప్రదాయంవాళ్ల వ్యాఖ్యానం కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చేది. బోనులోకి వెళ్లే మాటలన్నీ ఒళ్లోని పుస్తకంలోంచే వస్తున్నాయని అప్పుడు నాకు తోచలేదు. ఆయనకూ తోచలేదనే అనుకుంటాను.

వాన గురించిన శ్లోకం దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. మూలంలో ఉన్నది ఇంతే: కురిపించేవాడు నువ్వే, బిగబట్టేవాడూ నువ్వే, రెండింటికీ నమస్కారం. పెద్దనాయన తాత్పర్యం రాస్తూ "(పాపం ఉన్నచోట) వాన బిగబట్టేవాడూ నువ్వే" అని చేర్చాడు. ఎందుకు చేర్చావని అడిగాను. కారణం లేకుండా ఒకరి చేను తడిపి, మరొకరి చేను ఎండగడితే దేవుడికి పక్షపాతం, దయలేనితనం అని రెండు మచ్చలు అంటుకుంటాయనీ, అవి పోవాలంటే ఎవరి కర్మకు తగ్గ ఫలం వాళ్లకిస్తున్నాడని చెప్పుకోవాలనీ అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాస్తే, వినేవాళ్లు దేవుణ్ణే తిడతారు గదరా" అన్నాడు. అదీ నిజమే. ఏటా ఆకాశం వైపు చూసి కళ్లు కాయలు కాచిన ఊరు మాది.

సాపు ప్రతి రాసింది నేను. భజనలో చదివి చూస్తే, కుండలీకరణం వచ్చినచోటల్లా చదివే ఆవిడ ఆగిపోయి, "ఇది సదవాల్నా, ఇడ్సాల్నా?" అని అడిగేది. పాటలా సాగాల్సింది కుంటుతోంది. పెద్ద చదువులు చదివిన నేను ఊరుకుంటానా? కుండలీకరణాలన్నీ తీసేశాను, మాటలు మాత్రం ఉంచాను. వాక్యం ఎంత హాయిగా నడిచిందో! పెద్దనాయన రెండు రోజులు ప్రతిని అటూ ఇటూ తిప్పి, "బాగా సాగుతాంది, కానీలే" అన్నాడు. పుస్తకం అచ్చయింది.

ఆ చదివే ఆవిడ మా వీధి చివరి ఇల్లు. నేను అక్కా అనేవాణ్ణి. మా ఊళ్లో విత్తనానికి కదిలితే, ముందు ఆవిడ చేత్తో విత్తే గొర్రు మీది గిన్నెలో పిడికెడు గింజలు పోయించడం ఆనవాయితీ. ఆవిడ చెయ్యి మంచిదని ఊరంతా నమ్మేది, ఆవిడకూ అదంటే గర్వం. తన సొంత చేలో మాత్రం రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. పుస్తకం అచ్చయిన మరుసటేడు తొలివానకు ఊరివాళ్లు పిలవబోతే ఆవిడ రానంది. కారణం కనుక్కుందామని పెద్దనాయనతో పాటు నేనూ వెళ్లాను.

"నా చేత్తో వద్దు అయ్యవారూ," అంది గడపలో కూర్చుని. "పాపముండే చోట వాన బిగబడతాడని దేవుడే చెప్పినాడు. నా బోర్లు రెండూ పాయ. నేనొచ్చి ఊరోళ్ల చేన్లు గూడా ఎండబెట్టాల్నా?"

పెద్దనాయన గబగబా వెనక్కి తిరిగాడు. ఇంటికి పోయి నాగరి లిపిలో ఉన్న సంస్కృత మూలం తెచ్చి ఆవిడ ముందు విప్పాడు. ఒక్కో మాట మీద వేలు పెట్టి, దీనికిది అర్థం, దీనికిది అర్థం అని చివరిదాకా చెప్పి, "సూడమ్మా, పాపం అనే మాట దీంట్లో యాడా లేదు. అది నేను పెట్టింది" అన్నాడు.

ఆవిడ పుస్తకాన్ని ఆయన వైపు నెట్టింది. "నాకు ఆ అచ్చరాలు రావు గద," అంది. "అప్పుడు మీరే ఉందని రాస్తిరి. ఇప్పుడు మీరే లేదంటాండారు. నాకు బాధైతుందని లేదంటాండారేమో. నేనెట్ల నమ్మేది?"

తిరిగొస్తూ దారి పొడుగునా తప్పు నాదని నేను, కాదు తనదని ఆయన వాదించుకున్నాం. కుండలీకరణం తీసింది నేను, కానీ లోపలి మాట ఆయనది. దేవుడిమీద మచ్చ పడకూడదని దాన్ని తీసుకెళ్లి ఒక ఆడమనిషి మీద పడేశాం. మర్నాటి నుంచి ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ప్రతి పుస్తకంలోనూ తన మాటలన్నిటికీ చేత్తో కుండలీకరణాలు పెట్టాడు. వాన శ్లోకం దగ్గర మాత్రం మాటనే కొట్టేసి, అంచున "ఇది నా మాట, దేవునిది కాదు" అని సంతకం పెట్టాడు. మరి అప్పుడు దేవుడిమీద మచ్చ సంగతేమిటని అడిగాను. "మోసుకోనీలేరా. ఆయన మోయగలడు" అన్నాడు. కిటికీ దగ్గరి పుస్తకం తీసి దుమ్ము దులిపి, ప్రతి శ్లోకానికీ అదేమంటున్నదో కూడా చూడడం ఆ ఏడే మొదలైంది. రెక్క రోజంతా కొట్టుకుంటూనే ఉండేది.

ప్రెస్సాయనకు నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. కుండలీకరణాలు ఉంటాయి, ఎందుకున్నాయో మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంటుంది, వ్యాఖ్యాతలు విడిపోయిన చోట ఇద్దరి మాటా అడుగున ఉంటుంది. ఇంత చెప్పినా మనసు కుదుటపడలేదు. ఏది అడుగున వేయాలో, ఏది వదలాలో ఎంచేది మళ్లీ నేనే కదా. నా పక్షం ఏదో నాకు కనిపిస్తుందా?

పెద్దనాయన పోయాడు. అక్క ఉంది. భజనలో ఇప్పటికీ ఆవిడే చదువుతుంది, ఎర్ర సిరాతో కొట్టేసిన చోటు వస్తే దాటేసి చదువుతుంది. విత్తనాల పిడికిలి మాత్రం మళ్లీ పట్టలేదు. నిరుడు తొలివానకు నేనే వెళ్లి బతిమాలాను. "వయసు అయిపోయిందిలే నాయనా," అని నవ్వింది. వయసు అయిపోయేలోపు గడిచిన ఆ వానాకాలాలన్నీ, నాలుగు పుటలు హాయిగా సాగాలని నేను ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకున్నవే.