గల్లా ముందు నిద్రమత్తు

“ఏందమ్మాయ్, నీ తలకాయలో ఉండేది మెదడా, తవుడా?”

నరసరావుపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు నడిపే కోటయ్య తన కోడలు హిమబిందును ఈ ప్రశ్న అడిగినప్పుడు కొడుకు పవన్ పక్కనే పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో నురగ ఉండటం వల్ల మాట్లాడలేకపోయానని తర్వాత చెప్పుకున్నాడు. నురగ ఉమ్మేశాక కూడా మాట్లాడలేదన్నది హిమబిందు మరిచిపోలేదు.

ఆ ప్రశ్నకు ముందు జరిగింది ఇది. ఆ ఇంట్లో పొద్దున ఐదింటికి ఫోన్ మోగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ చిల్లర కొట్లవాళ్ళు ట్రాలీ ఆటో బయల్దేరదీసే ముందు ఆ రోజు రేట్లు అడుగుతారు. కోటయ్య నాలుగింటికే లేస్తాడు గానీ ఐదింటికి స్నానంలో, ఆపైన పూజలో ఉంటాడు. అత్తగారు లేరు. పవన్‌ను లేపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఫోన్ కోడలి చేతికి వచ్చింది. ఆమె బీకాం చదివింది, బజారులో నాలుగు కొట్లకు జీఎస్టీ రిటర్నులు వేసి సొంతంగా సంపాదించుకుంటోంది, అంకెలు ఆమెకు కొట్టిన పిండి. ఇంకేం కావాలి?

కావలసింది ఒకటుంది. అది ఐదింటికి ఆమె దగ్గర ఉండదు. రాత్రి కొట్టు కట్టేసి మగవాళ్ళు వచ్చి తిన్నాక, తను గిన్నెలు సర్ది పడుకునేసరికి పదకొండున్నర దాటుతుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు రాత్రిళ్ళే బుర్ర చురుగ్గా ఉంటుంది, తెల్లవారుజామున లేస్తే ఒక గంట పాటు లోకం దుప్పట్లో చుట్టినట్టుంటుంది. నడుస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, అడిగినదానికి జవాబు కూడా చెబుతుంది. ఆ జవాబు ఎవరు చెప్పారో మాత్రం ఆమెకే తెలియదు.

ఆ రోజు క్రోసూరు నుంచి సుందరరావు ఫోన్ చేసి సన్‌ఫ్లవర్ డబ్బా ఎంతమ్మా అన్నాడు. ఆమె పామాయిల్ రేటు చెప్పింది. డబ్బాకు మూడొందల యాభై తేడా. సుందరరావు అరవై డబ్బాలు రాసుకోమన్నాడు, చాలా మర్యాదగా, వెంటనే.

కోటయ్య కొట్టుకు ఒక కట్టుబాటు ఉంది. గల్లా దగ్గర కూర్చున్నవాడు నోటితో అన్న రేటు అన్నట్టే. వెనక్కి తీసుకోకూడదు, పక్కనున్నవాడు నోరు తెరిచి దిద్దకూడదు, నష్టం వస్తే అన్నవాడే సొంత డబ్బుతో భరించాలి. ఒకసారి పవన్ చెప్పిన పంచదార రేటును హిమబిందు గిరాకీ ముందు సవరించబోతే ఆ కట్టుబాటును ఆయన వేలు చూపించి మరీ నేర్పాడు. ఫోన్ కూడా గల్లాయేనని ఇప్పుడు తేల్చాడు. సరుకు వెళ్ళింది. ఇరవై ఒక్క వేలు హిమబిందు తన ఖాతాలోంచి కట్టింది. ఆ డబ్బు కంటే ఆమెను ఎక్కువగా కాల్చింది ఆ తర్వాత నెలల తరబడి సాగిన ప్రవచనం.

“బ్రహ్మముహూర్తంలో బుర్ర అద్దంలా ఉండాలమ్మా. నా ఈడుకి నేను లేవట్లా? ఒళ్ళు బద్ధకం, అంతే. దానికి మందు లేదు.”

ఈ మాట ఆయన గిరాకీలతో అన్నాడు, హమాలీలతో అన్నాడు, గుడి దగ్గర కలిసిన కన్యకాపరమేశ్వరి అనే దూరపు చుట్టంతో అన్నాడు. ఆవిడ మర్నాడే ఇంటికొచ్చి, నానబెట్టిన బాదంపప్పులు తినమని జాలిగా చెప్పి వెళ్ళింది. తెల్లవారుజామున లేవడమే పుణ్యమైతే పల్నాడు కోడిపుంజులన్నీ ఈపాటికి మోక్షం పొందాలి. అవి పందెంలోకో పులుసులోకో పోతున్నాయి. కానీ ఇలాంటి మాట ఆ ఇంట్లో పైకి అనేవాళ్ళు లేరు. హిమబిందు మనసులో అనుకుంది, బాదంపప్పులు పవన్‌కు పెట్టింది, తనకు థైరాయిడ్ ఏమైనా ఉందేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు పేరు జీనత్. హిమబిందు చెప్పిన ఐదింటి ఫోన్ గొడవంతా విని, రక్తపరీక్షలన్నీ చూసి పక్కన పెట్టింది.

“థైరాయిడ్ లేదు, రక్తం బాగానే ఉంది. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?”

చెప్పింది.

“మరి ఐదింటికి లేపితే ఏం కావాలమ్మా? మెదడంతా ఒకేసారి లేవదు. నడిపించే భాగం ముందు లేస్తుంది. లెక్కలు వేసేది, ఇది ఔను ఇది కాదు అని తేల్చేది, నుదుటి వెనక ఉండేది, అది తీరిగ్గా లేస్తుంది. చాలామందికి అరగంటలోపు సర్దుకుంటుంది. నిద్ర చాలనివాళ్ళకి, నీలాగా ఆలస్యంగా నిద్ర పట్టే తీరు ఉన్నవాళ్ళకి, గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పైగా నిన్ను లేపుతున్నది ఒళ్ళు ఇంకా చల్లబడి ఉండే వేళ. లోపల అర్ధరాత్రే.”

“బద్ధకం కాదంటారా?”

“బద్ధకమైతే లేచేదానివే కాదు. లేచి తప్పు రేటు చెప్పావు.”

“టీ తాగితే?”

“తాగు. అది పని చేయడానికీ ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ముందే లేచి, గట్టి వెలుగులో కూర్చుని, ఆ తర్వాత ఫోన్ ఎత్తు. అన్నిటికంటే ముందు, ఇంకో గంటన్నర పడుకో.”

హిమబిందు నవ్వింది. ఇంకో గంటన్నర పడుకోవడమంటే ఆ ఇంట్లో విడాకులు అడగడం లాంటిది. లేచి వెళ్ళబోతూ ఆగింది. “మా మామయ్య మధ్యాహ్నం పడుకుని లేస్తే మాత్రం సీమటపాకాయలా ఉంటాడు మేడం. ఆయనకెందుకు లేదు?”

“ఎంతసేపు పడుకుంటాడు?”

“ఇరవై నిమిషాలు. అంతకు మించి ఒక్క నిమిషం పడుకోడు.”

“అదే మరి. అంతలో గాఢనిద్రలోకి వెళ్ళడు. నేనూ డ్యూటీలో అంతే పడుకుంటాను. గంట పడుకుని గాఢనిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తే కాసేపు నేను మందుచీటీ కూడా రాయను. నిద్ర తక్కువైన రోజైతే మరీ త్వరగా లోతుకు జారిపోతాం. తమాషా ఏంటంటే, ఆ మత్తులో ఉన్నవాడికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది.”

హిమబిందు ఫీజు కట్టి బయటికొచ్చింది. రోగం లేదని తెలిసినవాళ్ళు తేలికపడతారు. ఆమెకు మాత్రం చేతికి కత్తి అందినట్టయింది.

ఇక్కడ ఆమెకు ఎవరైనా క్షమ గురించి చెప్పదలచుకుంటే చెప్పవచ్చు. ఆమె వినదు. పెళ్ళిళ్ళ కాలం దాకా ఓపిక పట్టింది. మామగారు ఎప్పుడు ఎంతసేపు నిద్రపోతాడో, ఎవరు లేపుతారో గమనించింది. ఆయన ఫోన్‌లో అలారం పెట్టుకోడు. కొట్టు వెనక గదిలో మడతమంచం మీద వాలి, “ఇరవై నిమిషాలకి లేపండిరా” అని ఆజ్ఞ వేస్తాడు. ఆ మంచం మీద పడుకోవడం ఆయన రాజసం, సమయానికి లేపడం ఇతరుల పూచీ.

వైశాఖంలో ఒక రోజు అన్నీ కలిసొచ్చాయి. ముందు రాత్రి కోటయ్య మాచర్లలో పెళ్ళికి వెళ్ళి బాగా పొద్దుపోయాక తిరిగొచ్చాడు. అయినా నాలుగింటికి లేచాడు, లేచానని అందరికీ చెప్పాడు. పవన్ సరుకు కోసం గుంటూరు వెళ్ళడంతో కొట్లో సాయానికి హిమబిందు వచ్చింది. వంటల కాంట్రాక్టరు నూర్ మొహమ్మద్, మూడు పెళ్ళిళ్ళకు జీడిపప్పు కావాలని, మూడింటి తర్వాత వస్తానని చెప్పాడు. రెండు దాటాక కోటయ్య అన్నం తిని మంచం మీద వాలాడు.

“అమ్మాయ్, ఇరవై నిమిషాలకి లేపు.”

“అట్టాగే మామయ్యగారూ.”

ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమె లేపలేదు. హమాలీ ఆరోగ్యస్వామి భుజం మీద బస్తాతో గదిలోకి వెళ్ళబోతే చేయి అడ్డం పెట్టింది.

“పెద్దాయన రాత్రంతా నిద్ర లేకుండా ఉన్నాడు స్వామీ. పడుకోనీ.”

“మీరు చానా మంచోళ్ళమ్మా,” అన్నాడు ఆరోగ్యస్వామి.

గురక మొదట తెరలుతెరలుగా వచ్చింది, తర్వాత బరువుగా, ఎడం ఎడంగా, లోతు నుంచి వచ్చింది. హిమబిందు గడియారం చూడలేదు, గురక విన్నది. గంట కావస్తుండగా నూర్ మొహమ్మద్ ఆటో ఆగింది. అప్పుడు లోపలికి వెళ్ళి మామగారి భుజం పట్టి కుదిపింది.

“మామయ్యగారూ! లేవండి, గిరాకీ!”

కోటయ్య దిగ్గున లేచాడు. చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకున్నాడు. గల్లా ముందు కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని, అది ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు.

“ఏంది నూరు భాయ్, ఎండన పడొచ్చావ్?”

“గుండు జీడిపప్పు ఎట్టా ఇస్తన్నావ్ కోటయ్యన్నా?”

“ఏడొందలు.”

గుండు పప్పు కిలో తొమ్మిదొందల యాభై. ఏడొందలు బద్దల రేటు. నూర్ మొహమ్మద్ నిజాయితీపరుడు, అందుకే మళ్ళీ అడిగాడు.

“నేనడిగేది గుండన్నా. బద్ద కాదు.”

“తెలుగే గదా నేను మాట్లాడేది? ఏడొందలు. చెవుడొచ్చిందా నీకు?”

నూర్ మొహమ్మద్ హిమబిందు వైపు చూశాడు. ఆమె కాటా మీద దుమ్ము తుడుస్తోంది. ఆ కాటా మీద దుమ్ము లేదు.

“అయితే ఎనభై కిలోలు కట్టించమ్మా,” అన్నాడతను, రెండుసార్లు అడిగినవాడికి ఉండే ప్రశాంతతతో. అక్కడికక్కడే ఫోన్‌లో డబ్బు కొట్టి, టిన్నులు ఆటోలో పడేయించుకుని వెళ్ళాడు. కోటయ్య అతన్ని నవ్వుతూ సాగనంపాడు. ఆ నవ్వును హిమబిందు జాగ్రత్తగా చూసి దాచుకుంది.

టీ వచ్చింది. సగం తాగాడు. కాసేపు రోడ్డు చూశాడు. మిగతా సగం తాగుతుండగా గ్లాసు గాల్లో ఆగింది.

“నేను... నూరుకి ఎంత చెప్పాను?”

“ఏడొందలు మామయ్యగారూ.”

“గుండుకా?”

“రెండుసార్లు చెప్పారు.”

“మరి నువ్వు పక్కనే ఉండి నోరు మూసుకుని చచ్చావేందే?” ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ ‘ఏందే’ రావడం అదే మొదలు.

“గల్లా మీద ఉన్నవాళ్ళు రేటు చెప్తుంటే పక్కనోళ్ళు నోరు తెరవకూడదన్నారు గదా. వేలు చూపించి చెప్పారు.”

“ఇరవై నిమిషాలకి లేపమన్నానా లేదా?”

“అన్నారు. బ్రహ్మముహూర్తంలో లేచే బుర్ర కదా, అద్దంలా ఉంటుందనుకున్నా. మీకూ నాలాగే ఒళ్ళు బద్ధకమని నాకేం తెలుసు?”

ఆరోగ్యస్వామి బస్తా మోస్తున్నవాడు మోస్తున్నట్టే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పవన్ గుంటూరు నుంచి వచ్చాక ఇంట్లో పంచాయితీ జరిగింది. హిమబిందు గొంతు పెంచలేదు. ఇరవై వేల నష్టం మామయ్యగారు సొంత ఖాతాలోంచి కట్టాలి, కోటయ్య గారి తప్పు రేటు వల్ల అని కంప్యూటర్లో ఎక్కిస్తాను, ఆడిటరు అడిగితే అదే చెప్తాను, అంది. లేదా నిద్రమత్తులో అన్న మాట లెక్కలోకి రాదని ఒప్పుకోవాలి. అప్పుడు తన ఇరవై ఒక్క వేలు తనకు రావాలి.

“రెండూ ఒకటేనా?” అని అరిచాడు కోటయ్య. “నాది ఏదో ఒకరోజు...”

“నాదీ ఒకరోజే. నెలల తరబడి ఊరంతా చెప్పింది మీరు.”

“నాన్నా, ఒప్పుకో,” అన్నాడు పవన్. ఈసారి అతని నోట్లో నురగ లేదు.

ఇరవై వేలు ఆయనకు లెక్క కాదు. ‘కోటయ్య గారి తప్పు’ అన్న మూడు మాటలు ఆడిటరు గదిలో ఎవరో చదవడం లెక్క. రాత్రి అన్నం తినకుండా కూర్చుని, చివరికి గోడకేసి చూస్తూ, నిద్రలోంచి లేచినవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదులే అన్నాడు. గోడతో కాదు, నాతో చెప్పండి, అంది హిమబిందు. చెప్పాడు. ఆమె నవ్వలేదు, ఓదార్చలేదు, కంచం తెచ్చి పెట్టలేదు.

ఇప్పుడు ఆ కొట్టు రేట్లు ఏడింటి తర్వాతే చెబుతారు. ఐదింటికి మోగే ఫోన్ కోటయ్య పూజగదిలో మోగుతుంది, మధ్యలో లేచి ఆయనే ఎత్తి, ఏడింటికి చేయండి అని విసుక్కుంటాడు. హిమబిందు ఆరున్నరకు లేస్తుంది, ఆ మత్తు వేళను ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా వాకిట్లో వెలుగులో గడుపుతుంది. మధ్యాహ్నం మంచం వాల్చే ముందు కోటయ్య ఫోన్‌లో అలారం తనే పెట్టుకుంటాడు, పెట్టాక రెండుసార్లు చూసుకుంటాడు. తన కోడలు మంచిది కాదని కన్యకాపరమేశ్వరికి చెప్పాడట. ఆ మాట చేరాక హిమబిందు ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్నది.

ఆమె డబ్బులో పది వేలు ఆయన మర్నాడే ఇచ్చాడు. మిగతా పదకొండు వేలు ఇంకా ఇవ్వాలి.