మాలబికా దీ ఎర్రచుక్కల లెక్క

తప్పు నాదే. ఇరవై కణాలు చూసి, ఐదుతో గుణించి, వంద చూశానని రాసిపడేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? వరండాలో కూర్చున్న రోగి తండ్రికి శుభవార్త కూడా చెప్పేశాను.

కలకత్తాలోని మా క్యాన్సర్ ఆసుపత్రి మూడో అంతస్తులో కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది ఒకటుంది. అందులో మాలబికా సర్‌ఖేల్ ఇరవై ఆరేళ్ళుగా చుక్కలు లెక్కపెడుతోంది. మాకందరికీ ఆవిడ దీ, అంటే అక్క. ఊరంతా పూజ పందిళ్ళలో దీపాలు చూస్తుంటే, ఈవిడ మైక్రోస్కోపులో క్రోమోజోముల మీద వెలిగే ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు చూస్తుంటుంది. దాన్ని ఫిష్ పరీక్ష అంటారు. బెంగాలీలకు ఆ పేరు వింటే నోరూరుతుంది గానీ, తినడానికేమీ ఉండదు. గుడ్లవాడు డజను గుడ్లిస్తే పన్నెండూ రెండుసార్లు లెక్కపెట్టే మనిషి ఆవిడ. వాడు ఈవిణ్ణి చూడగానే బుట్ట మూసేస్తాడు.

మా గదిలో నియమం ఒక్కటే. ఏ స్లయిడునైనా ఇద్దరు విడివిడిగా చెరో వంద కణాలు చూడాలి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఆ రెండోవాణ్ణి నేను, మూడేళ్ళుగా. ఆవిడ దురదృష్టం.

ఆ రోజు వచ్చింది జుంపా స్లయిడు. తొమ్మిదేళ్ళ పిల్ల. నాన్న నిమాయి దోలుయి, నా నోట నిమాయి దా, అంటే అన్న. క్యానింగ్ నుంచి రైల్లో పీతల బుట్టలు తెచ్చి అమ్ముతాడు. పక్కగదిలో ఫ్లో యంత్రం కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి, వాటికి అంటిన రంగులు చూసి, ఇది బి జాతి కణాల తీవ్రమైన రక్తక్యాన్సరని తేల్చేసింది. జబ్బు పేరు తెలిసింది, మొండితనమే తెలియలేదు. అది తేల్చేది మేము. మర్నాడు డాక్టర్ల మీటింగులో పిల్లకు తేలిక మందులా, గట్టి మందులా అన్నది నిర్ణయిస్తారు.

చూద్దును కదా, ఒక్కో ఇరవై ఒకటో క్రోమోజోముకు ఒకటి చొప్పున ప్రతి కణంలో రెండు ఉండాల్సిన ఎర్రచుక్కలు ఆరేడు ఉన్నాయి! ఈ జబ్బులో క్రోమోజోములు ఎక్కువైతే మంచి గుర్తని సొంతంగా ఎక్కడో చదివాను. ఇంకేం, పండితుణ్ణయిపోయాను. నిమాయి దా సంబరంతో డజను సందేశ్ మిఠాయిల డబ్బా తెచ్చాడు. నాలుగు తిన్నాను.

మాలబికా దీ నా కాగితం, తన కాగితం పక్కపక్కన పెట్టింది.

"ఓరే టుబాయి, ఈ ఎర్రచుక్కలు ఎలా కూర్చున్నాయో చూశావా?"

"ఎన్నున్నాయో చూశాను దీ. చాలదా?"

"ఒకటి విడిగా ఉంది. మిగతావన్నీ లోకల్ రైలు గుమ్మంలో జనంలా ఒకే చోట కుక్కుకున్నాయి. ఫ్లో వాళ్ళ కాగితం చదివావా? డీఎన్ఏ కొలత మామూలు కణంతో సమానం. నువ్వు చెప్పే అన్ని క్రోమోజోములు ఎక్కువుంటే ఆ కొలత పెరగదూ? అవెక్కడ దాచావు, జేబులోనా?"

నా నోట్లో ఐదో సందేశ్ అక్కడే ఆగిపోయింది.

ఆవిడ సంతకం పెట్టలేదు. మర్నాడు ఉదయమంతా వెతికి, విభజన మధ్యలో ఉన్న కణాలను పట్టుకుంది. వాటిలోనే క్రోమోజోములు విడివిడిగా కనబడతాయి. ఎర్రచుక్కలన్నీ ఒకే ఇరవై ఒకటో క్రోమోజోము మీద గుత్తిగా ఉన్నాయి. రెండోది బుద్ధిగా ఒక్క చుక్కతో కూర్చుంది. అంటే క్రోమోజోములు పెరగలేదు, ఒక్కదానిలోనే ముక్క పదేపదే అచ్చయింది. మంచి గుంపు కాదు, ప్రమాదపు గుంపు. తేలిక మందులిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ.

మీటింగుకు పది నిమిషాల ముందు రిపోర్టు చేరింది. జుంపాను గట్టి మందుల వరుసలో పెట్టారు. డాక్టరమ్మ నిమాయి దాకు అంతా చెప్పాక, మాలబికా దీ నన్ను చెవి పట్టుకున్నంత పనిచేసి, డబ్బాతో సహా ఆయన ముందు నిలబెట్టింది.

"తిన్నవాడివి, నువ్వే చెప్పు."

"నిమాయి దా, నేను తప్పు చెప్పాను. అసలు చెప్పే హక్కే నాకు లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "నీ మాటే పైకి పోయుంటే?"

"తేలిక మందులే పడేవి."

ఆయన మిగిలిన సందేశ్‌లున్న డబ్బా నా చేతిలోంచి లాక్కుని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ లెక్కపెట్టింది.

"ఐదు తక్కువున్నాయి," అంది.

జుంపాకు జుట్టు రాలింది, నోరు పూసింది, పీతల కూర కావాలని గొడవ చేస్తోంది. వైద్యం సగంలో ఉంది. మొదటి నెల చివర ఫ్లోలో వెతికితే చెడ్డకణాల జాడ దొరకలేదు. అయినా గట్టి మందులు ఆపలేదు.

ఆవిడ మీద ఇదంతా రాసి, మెచ్చుకుంటుందని చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది.

"నన్ను చూసింది మూడేళ్ళు. రాసింది ఇరవై ఆరేళ్ళ గురించి. మిగతాది దేంతో గుణించావురా?"